సొంతంగా తయారు చేసిన సాధన పరీక్ష: సప్రమాణత, విశ్వసనీయత గురించి పద్ధతుల అధ్యాయంలో ఏం రాయాలి?

ప్రశ్న: నేను హైదరాబాదులో విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 8వ తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో బలం, ఘర్షణ, ధ్వని పాఠాల మీద సాధన పరీక్ష సొంతంగా తయారు చేశాను. 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు 60 మంది పిల్లలకు పెట్టి, 30 ఉంచుకున్నాను. ఐదుగురు నిపుణులు చూసి బాగుందన్నారు. అర్ధవిభజన పద్ధతిలో విశ్వసనీయత 0.82 వచ్చింది. దాని వర్గమూలం 0.91ని సప్రమాణతగా రాశాను. సెమినార్‌లో ఒక మేడమ్ ఇది సప్రమాణత కాదన్నారు. పాత థీసిస్‌లలో మాత్రం ఇలాగే ఉంది. అసలు ప్రయోగం దసరా సెలవుల తర్వాత మొదలవుతుంది. మూడో అధ్యాయంలో ఏం రాయాలి?

సమాధానం:

మేడమ్ గారు చెప్పింది సరైనదే. 0.91 అనే అంకెను సప్రమాణత కింద నుంచి తీసేయండి. విశ్వసనీయతా గుణకానికి వర్గమూలం కడితే వచ్చేది, పిల్లలకు మీ పరీక్షలో వచ్చిన స్కోర్లకూ, ఏ దోషమూ లేకుండా కొలవగలిగితే అదే పరీక్షలో వాళ్లకు రావలసిన యథార్థ స్కోర్లకూ మధ్య ఉండే సహసంబంధపు అంచనా. దానికి విశ్వసనీయతా సూచిక అని పేరు. మీ పరీక్ష బయటి కొలమానం దేనితోనైనా అంతకుమించి సహసంబంధం చూపలేదని అది ఒక పైహద్దును చెబుతుంది. పరీక్ష కొలిచేది భౌతికశాస్త్ర సాధననా, మరొకటా అన్న సంగతి అందులో ఎక్కడా లేదు. ఎవరైనా ఇంగ్లీషు వ్యాకరణం మీద 30 ప్రశ్నలు రాసి, 0.82 విశ్వసనీయత తెచ్చుకుని, పైన "భౌతికశాస్త్ర సాధన పరీక్ష" అని పేరు పెట్టినా, ఆ వర్గమూలం 0.91గానే వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ అంకె సప్రమాణతకు సాక్ష్యం కాదని తెలుసుకోవడానికి. "ఆంతరిక సప్రమాణత" అన్న పేరుతో ఈ లెక్క శోధ్‌గంగలో ఎన్నో థీసిస్‌లలో కనిపిస్తుంది కాబట్టి మీ గైడ్ గారు అడ్డు చెప్పకపోవడంలో వింత లేదు. అయితే వైవాకు వచ్చే బయటి పరీక్షకులు ఇప్పుడు మొదట వేలు పెట్టేది అక్కడే.

ప్రయోగానికి ఇంకా వ్యవధి ఉండటం మీ అదృష్టం, ఎందుకంటే మార్చవలసింది వాక్యాలు మాత్రమే కాదు. నేను రెండు పనులు చేయమంటాను. మొదటిది, విషయ సప్రమాణతకు రుజువును కాగితం మీద కనిపించేలా తయారు చేసుకోవడం. రెండవది, విశ్వసనీయతను తుది 30 ప్రశ్నల మీద, కొత్త పిల్లల మీద మళ్లీ లెక్కించడం. కింద ఉదాహరణగా ఇచ్చే అంకెలు వివరణ కోసం నేను కల్పించినవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

సాధన పరీక్షకు సప్రమాణత అంటే ప్రధానంగా విషయ సప్రమాణతే. దాని పునాది భారత్వ పట్టిక, అంటే మనం బ్లూప్రింట్ అని పిలుచుకునేది. మూడు పాఠాలకు ఎన్నెన్ని పీరియడ్లు కేటాయించారో చూసి ఆ నిష్పత్తిలో ప్రశ్నలు పంచుతారు. ఇంతవరకు అందరూ చేస్తారు. చిక్కంతా పట్టికలోని రెండో వైపున, అంటే లక్ష్యాల వైపున వస్తుంది. మన తెలంగాణ పాఠ్యపుస్తకాలు విషయావగాహనతో పాటు ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు గీయడం, అభినందించడం, నిజజీవిత వినియోగం వంటి విద్యా ప్రమాణాలను పెట్టుకున్నాయి. నాలుగు ఎంపికల ప్రశ్నతో ప్రయోగం చేసే నైపుణ్యాన్ని గానీ, బొమ్మ గీసే నైపుణ్యాన్ని గానీ కొలవలేం. కాబట్టి మీ పరీక్ష విషయావగాహననూ, నిజజీవిత వినియోగాన్నీ, కొంతవరకు ఇచ్చిన పట్టిక లేదా గ్రాఫు నుంచి సమాచారాన్ని గ్రహించే నైపుణ్యాన్నీ మాత్రమే కొలుస్తుందని, మిగిలిన ప్రమాణాలు దాని పరిధిలో లేవని అధ్యాయంలో స్పష్టంగా రాయండి. దీనివల్ల మీ పరీక్ష విలువ తగ్గుతుందని భయపడనక్కరలేదు. "8వ తరగతి భౌతికశాస్త్ర సాధన" మొత్తాన్ని కొలిచానని చెప్పుకుని, రుజువు అడిగితే తడబడటం కంటే, కొలిచినంతే చెప్పడం సులభంగా నిలబడుతుంది.

ఇక నిపుణుల సంగతి. ఐదుగురు చూసి బాగుందన్నారు అన్న వాక్యాన్ని పరీక్షకులు రుజువుగా తీసుకోరు. వాళ్లు ఏం చూశారు, వాళ్లను ఏమని అడిగారు, వాళ్లు చెప్పినదాని వల్ల ఏ ప్రశ్న మారింది అన్నవే రుజువులు. నేను సూచించే పద్ధతి ఇది. ప్రశ్నలను పాఠాల వారీగా కాకుండా కలగలిపి, మీరు ఏ ప్రశ్నను ఏ గడికి ఉద్దేశించారో చెప్పకుండా నిపుణులకు ఇవ్వండి. ప్రతి ప్రశ్నకు మూడు విషయాలు అడగండి: ఇది ఏ పాఠానికి చెందుతుంది, ఏ ప్రమాణాన్ని కొలుస్తుంది, ఈ పాఠాల సాధనను కొలవడానికి ఇది అత్యావశ్యకమా, ఉపయోగకరమే కానీ అత్యావశ్యకం కాదా, అనవసరమా. మొదటి రెండింటి వల్ల చాలా విషయాలు బయటపడతాయి. యంత్రభాగాలకు కందెన ఎందుకు పూస్తారన్న ప్రశ్నను మీరు నిజజీవిత వినియోగం గడిలో వేసి ఉంటారు. ఆ ఉదాహరణ పాఠంలోనే ఉంది కాబట్టి ఇది జ్ఞాపకానికే పరీక్ష అని బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయులు వెంటనే అంటారు. అలా ముగ్గురన్నా ఆ ప్రశ్న మీరు వేసిన గడి నుంచి కదలాల్సిందే.

మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులను 1975లో లాషే ప్రతిపాదించిన విషయ సప్రమాణతా నిష్పత్తితో అంకెగా మార్చవచ్చు. అత్యావశ్యకం అన్నవారి సంఖ్య నుంచి మొత్తం నిపుణుల్లో సగాన్ని తీసేసి, ఆ సగంతోనే భాగించాలి.

```
CVR = (ne - N/2) / (N/2)
```

ఎనిమిది మందిలో ఏడుగురు అత్యావశ్యకం అంటే 3ను 4తో భాగించగా 0.75 వస్తుంది. లాషే పట్టికలో ఎనిమిది మందికి కనీస విలువ కూడా 0.75 కాబట్టి ఆ ప్రశ్న నిలుస్తుంది. ఆరుగురే అంటే 0.50, నిలవదు. మీలాగా ఐదుగురే ఉంటే ఐదుగురూ ఒప్పుకోవాల్సిందే. ఒక్కరు కాదన్నా 0.60కి పడిపోయి ప్రశ్న పోతుంది. అందుకని మరో ముగ్గురిని చేర్చుకోండి. వారిని విశ్వవిద్యాలయ ఆచార్యులలో వెతకకండి. అందులో కనీసం ఇద్దరు ప్రస్తుతం ఉన్నత పాఠశాలలో 8వ తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్న స్కూల్ అసిస్టెంట్లు కావాలి, ఒకరు డైట్‌లోనో ఎస్‌సీఈఆర్‌టీ పుస్తక రచనలోనో పనిచేసినవారైతే మంచిది. అధ్యాయంలో వారి పేర్లు అక్కరలేదు. అర్హత, అనుభవం, పని చేసే స్థాయి రాస్తే చాలు.

హైదరాబాదులో మీరు తప్పించుకోలేని విషయం మరొకటి ఉంది, అది భాష. రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషుగా అచ్చయ్యాయి. పిల్లలు చదివేది ఇంగ్లీషు మాధ్యమం అయినా, చాలామందికి అర్థం చేసుకునే భాష తెలుగు, పాతబస్తీ బడుల్లో ఉర్దూ. ఇటువంటి పిల్లలకు పొడవాటి ఇంగ్లీషు ప్రశ్నలు ఇస్తే మీరు ఘర్షణ మీద వాళ్లకున్న అవగాహన కంటే చదివే శక్తినే ఎక్కువగా కొలుస్తారు. విశ్వసనీయత మాత్రం బాగానే వస్తుంది, చదివే శక్తి కూడా స్థిరమైన గుణమే కదా. సప్రమాణత తగ్గుతున్నా విశ్వసనీయత తగ్గని సందర్భం ఇది. ప్రశ్నపత్రాన్ని పుస్తకంలాగే రెండు భాషల్లో ఇవ్వండి. తెలుగు పాఠాన్ని ఇంగ్లీషు మూలం చూడని వ్యక్తితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చండి. ప్రధాన పరీక్షకు ముందు ఐదారుగురు పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న చదివి తమకు ఏమర్థమైందో చెప్పమనండి. ఈ పనికి ఒక పూట పడుతుంది. అధ్యాయంలో ఇది రెండు వాక్యాలే అయినా పరీక్షకుల నోటికి వచ్చే ప్రశ్నను ముందే ఆపుతుంది.

తర్వాతిది ప్రశ్నాంశ విశ్లేషణ. కెల్లీ 1939లో చెప్పినట్టు పై 27 శాతం, కింది 27 శాతం పిల్లలను తీసుకునే పద్ధతినే మీరు వాడి ఉంటారు. 60 మందిలో 27 శాతం అంటే 16 మంది. ఒక్క పిల్లవాడు పొరపాటున వేరే ఎంపిక గుర్తించినా విచక్షణ సూచిక 0.06 మారుతుంది. అంటే 0.28 వచ్చిన ప్రశ్నను తీసేసి 0.32 వచ్చిన ప్రశ్నను ఉంచడంలో ఎక్కువ పాత్ర యాదృచ్ఛికతదే. 120 మంది ఉంటే ఒక్కో గుంపులో 32 మంది వస్తారు, ఒక్కరి ప్రభావం 0.03కి తగ్గుతుంది. రెండు, మూడు బడులు కలిస్తే 120 మంది అసాధ్యం కాదు.

సూచికలను పట్టికగా ఇచ్చి వదిలేయడం కంటే, ప్రశ్నను ఎలా చదవాలో తెలిసి ఉండటం ముఖ్యం. ఈ ప్రశ్న చూడండి: "ఘర్షణ బలం దేని మీద ఆధారపడుతుంది? (అ) తలాల గరుకుతనం (ఆ) స్పర్శా వైశాల్యం (ఇ) అభిలంబ బలం (ఈ) వస్తువు రంగు". సరైన జవాబు (అ) అని కీలో రాశారు. పై గుంపు 32 మందిలో (అ) 9 మంది, (ఆ) నలుగురు, (ఇ) 18 మంది, (ఈ) ఒకరు గుర్తించారు. కింది గుంపులో (అ) 13, (ఆ) 12, (ఇ) 4, (ఈ) 3. కాఠిన్య సూచిక 64 మందిలో 22, అంటే 0.34. విచక్షణ సూచిక 9 నుంచి 13 తీసేసి 32తో భాగించగా -0.13. రుణాత్మక విలువ వచ్చింది కాబట్టి తీసేశామని రాసి చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఎంపికల వారీగా చూస్తేనే కారణం తెలుస్తుంది. పాఠం బాగా చదివిన పిల్లలు ఎక్కువమంది (ఇ) వైపు వెళ్లారు, ఎందుకంటే ఘర్షణ తలాల స్వభావం మీద, అభిలంబ బలం మీద ఆధారపడుతుందని, స్పర్శా వైశాల్యం మీద ఆధారపడదని పాఠం చెబుతుంది. ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఉన్నాయి. కీని (ఇ)కి మారిస్తే సూచిక వెంటనే 0.44 అవుతుంది. ఆ ఆశకు లొంగకండి, (అ) గుర్తించిన పిల్లవాడిది తప్పు జవాబు కాదు. ప్రశ్నను "దేని మీద ఆధారపడదు" అని మార్చి, మూడు సరైన కారకాలు, ఒక తప్పు కారకం ఇవ్వాలంటే 8వ తరగతి స్థాయిలో మూడో కారకం దొరకదు. కాబట్టి (అ)ను వస్తువు ఆకారం అనో మరొకటనో మార్చి, మళ్లీ పిల్లల ముందు పెట్టి చూడవలసిందే. మార్చిన ప్రశ్నకు పాత సూచిక వర్తించదు.

ఇప్పుడు మీ 50 ప్రశ్నల నుంచి 30 ఎలా మిగిలాయో ఒకసారి చూసుకోండి. 0.30 దాటినవన్నీ ఉంచి మిగతావి తీసేసి ఉంటే, మీ బ్లూప్రింట్ మీకు తెలియకుండానే మారి ఉంటుంది. బలం 10, ఘర్షణ 8, ధ్వని 12 అని అనుకున్నారనుకుందాం. వడబోత తర్వాత 9, 5, 16 మిగిలితే, ఘర్షణ వాటా 27 శాతం నుంచి 17కు పడిపోయింది, ధ్వని 40 నుంచి 53కు పెరిగింది. నిపుణులు ఆమోదించిన పరీక్ష అది కాదు. వాళ్ల ఆమోదాన్ని తుది పరీక్షకు సప్రమాణతగా చూపడం ఇక కుదరదు. ప్రశ్నల ఎంపిక గడి వారీగా జరగాలి. ఘర్షణ గడిలో 0.30 దాటినవి ఐదే ఉంటే, 0.24 వచ్చినవాటిని ఎంపికలు సరిదిద్ది మళ్లీ పరీక్షించాలి. ధ్వనిలో 0.45 వచ్చినదైనా వాటాకు మించి ఉంటే పక్కన పెట్టాలి. సులభమైన ప్రశ్నల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు గుంపుల్లోని 64 మందిలో 59 మంది సరిగా రాసిన ప్రశ్నకు గరిష్ఠంగా వచ్చే విచక్షణ సూచికే 0.16. బలానికి ప్రమాణం న్యూటన్ అన్నది ప్రతి పిల్లవాడికీ తెలియాల్సిన విషయమని నిపుణులు ఏకగ్రీవంగా అంటే, అటువంటి ఒకటి రెండు ప్రశ్నలను సూచిక తక్కువైనా ఉంచి, ఎందుకు ఉంచారో ఒక వాక్యంలో రాయండి.

విశ్వసనీయత దగ్గరకు వద్దాం. మీ 0.82 గురించి నాకు మూడు సందేహాలు ఉన్నాయి, పరీక్షకులకూ అవే ఉంటాయి. అది రెండు సగాల మధ్య సహసంబంధమా, స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రంతో సరిచేసిన తర్వాతదా? సగాల మధ్య 0.69 ఉంటే సరిచేశాక 0.82 అవుతుంది. సగాల మధ్యే 0.82 అయితే సరిచేశాక 0.90 అవుతుంది. కాబట్టి రెండు అంకెలూ రాయాలి. రెండవది, విభజన ఎలా చేశారు? సరి బేసి సంఖ్యలుగా విడగొట్టి ఉంటే, ఒకే పటం మీద ఆధారపడిన రెండు ప్రశ్నలు 17, 18 సంఖ్యల్లో ఉంటే, ఒకటి ఒక సగంలోకి, మరొకటి రెండో సగంలోకి పోతాయి. పటం అర్థంకాని పిల్లవాడు రెండింటా తప్పుతాడు, సహసంబంధం ఊరికే పెరుగుతుంది. మూడవది సమయం. చివరి ఐదు ప్రశ్నలను ఎంతమంది ముట్టుకోకుండా వదిలేశారో జవాబు పత్రాల్లో లెక్కించండి. ఎక్కువమంది వదిలితే ఆ ఖాళీలు రెండు సగాల్లోనూ సున్నాలుగా పడి, సగాలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు 0.82లో కొంత భాగం వేగానిది. పదిమందిలో తొమ్మిదిమంది చివరి ప్రశ్న దాకా చేరేలా సమయాన్ని పెంచి, ఆ తర్వాతే విశ్వసనీయతను లెక్కించాలి.

ఈ మూడింటికంటే పెద్ద లోపం, ఏ 60 జవాబు పత్రాలతో ప్రశ్నలను ఏరుకున్నారో అవే పత్రాలతో విశ్వసనీయతను కూడా లెక్కించడం. ఆ గుంపులో యాదృచ్ఛికంగా బాగా పనిచేసిన ప్రశ్నలు కూడా ఎంపికలో ఉండిపోతాయి కాబట్టి, అదే గుంపులో గుణకం ఉన్నదానికంటే ఎక్కువగా రావడం సహజం. తుది 30 ప్రశ్నలను కొత్త పిల్లలకు పెట్టినప్పుడు వచ్చే అంకెనే మూడో అధ్యాయంలో ఉండాలి. ఆ పిల్లలు మీ అసలు ప్రయోగంలోని బడులవాళ్లు కాకూడదు, కానీ అదే రకం బడుల పిల్లలై, ఈ మూడు పాఠాలూ పూర్తి చేసినవాళ్లై ఉండాలి. ఈ ఏడాది 8వ తరగతిలో ఆ పాఠాలు ఇంకా కాకపోతే, పోయినేడు చదివిన 9వ తరగతి పిల్లలను తీసుకుంటే ఎందుకు తీసుకున్నారో రాయండి.

ఒప్పుకు ఒకటి, తప్పుకు సున్నా వేసే పరీక్షకు అర్ధవిభజన కంటే 1937లో కూడర్, రిచర్డ్‌సన్ ఇచ్చిన 20వ సూత్రం మేలు. ఏ విధంగా విడగొట్టాలన్న వాదన అక్కడ ఉండదు. 1951లో క్రోన్‌బాక్ ఇచ్చిన ఆల్ఫాను ఒకటి, సున్నా దత్తాంశం మీద లెక్కిస్తే వచ్చేదీ ఇదే విలువ, కాబట్టి రెండింటినీ వేర్వేరు రుజువులుగా చూపకండి. ఒక్కో పిల్లవాడికి ఒక వరుస, ఒక్కో ప్రశ్నకు ఒక నిలువు గడి చొప్పున, B నుంచి AE వరకు 30 ప్రశ్నలు, AFలో మొత్తం, 2 నుంచి 121వ వరుస వరకు 120 మంది ఉన్నారనుకుంటే ఎక్సెల్‌లో ఇంతే పని:

```
B122:  =AVERAGE(B2:B121)
B123:  =B122*(1-B122)
KR-20: =(30/29)*(1-SUM(B123:AE123)/VAR.P(AF2:AF121))
```

మొదటి రెండింటిని AE దాకా లాగాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. పిల్లవాడు వదిలేసిన ప్రశ్నకు గడి ఖాళీగా ఉంచకుండా సున్నా వేయండి, ఎందుకంటే `AVERAGE` ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, సరైన జవాబుల నిష్పత్తి అకారణంగా పెరుగుతుంది. `COUNT(B2:B121)` కొడితే ప్రతి నిలువు గడిలోనూ 120 రావాలి, రాకపోతే ఎక్కడో ఖాళీ ఉంది. రెండవది, విస్తృతికి `VAR.S` కాకుండా `VAR.P` వాడండి. p అంటే ఒక ప్రశ్నకు సరైన జవాబుల నిష్పత్తి, q అంటే 1 నుంచి దాన్ని తీసేస్తే మిగిలేది. వాటి లబ్ధం మొత్తం సంఖ్యతో భాగించిన విస్తృతి కాబట్టి హారంలోనూ అదే ఉండాలి.

ఉదాహరణకు pq మొత్తం 6.3, ప్రామాణిక విచలనం 5.5, అంటే విస్తృతి 30.25 వచ్చిందనుకుందాం. 6.3ను 30.25తో భాగిస్తే 0.208. ఒకటి నుంచి తీసేస్తే 0.792. 30/29తో గుణిస్తే 0.82. దీనితో పాటు మాపన ప్రామాణిక దోషం కూడా ఇవ్వండి: 5.5ను 0.18 వర్గమూలంతో గుణిస్తే సుమారు 2.3. అంటే 18 మార్కులు వచ్చిన పిల్లవాడి యథార్థ స్కోరు చాలావరకు 16, 20 మధ్య ఉంటుందని అంచనా. మీ ప్రయోగంలో రెండు గుంపుల సగటుల తేడాను వివరించేటప్పుడు, ఒక్కో పిల్లవాడి స్కోరు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో ఈ అంకె చెబుతుంది. గుణకం ఒక్కటే ఇస్తే అది తెలియదు.

ఈ 0.82 ప్రశ్నపత్రానికి శాశ్వతంగా అంటుకునే ముద్ర కాదు, ఆ పిల్లల స్కోర్లకు సంబంధించిన విలువ. నగరంలోని ప్రభుత్వ బడినీ, పేరున్న ప్రైవేటు బడినీ కలిపి పెడితే స్కోర్ల వ్యాప్తి పెరిగి గుణకం పెరుగుతుంది. మీ అసలు ప్రయోగం ప్రభుత్వ బడుల్లోనే జరిగి, అక్కడ ప్రామాణిక విచలనం 4 మాత్రమే ఉంటే, దోష విస్తృతి అంతే ఉందనుకున్నా విశ్వసనీయత 0.66 దగ్గరకు వస్తుంది. పైలట్‌లో మంచి అంకె కోసం బడులను కలపవద్దని చెప్పేది అందుకే. ప్రయోగం ముగిశాక మీ సొంత ఉత్తర పరీక్ష దత్తాంశం మీద కూడా ఇదే సూత్రాన్ని లెక్కించి నాలుగో అధ్యాయం మొదట్లో ఇవ్వండి. పూర్వ పరీక్షలో అది తక్కువగా వస్తే కంగారు పడకండి. పాఠం ఇంకా చెప్పని పిల్లలు చాలావరకు ఊహించి రాస్తారు, నాలుగు ఎంపికల 30 ప్రశ్నలకు ఊహతో వచ్చేది సగటున 7.5 కాబట్టి స్కోర్లన్నీ అక్కడక్కడే గుమిగూడి గుణకాన్ని కిందికి లాగుతాయి. కారణం రాస్తే సరిపోతుంది.

విషయ సప్రమాణతకు తోడుగా మరో రుజువు కావాలంటే, పాఠాలు పూర్తయిన సెక్షనుకూ, ఇంకా మొదలుకాని సెక్షనుకూ ఒకే వారంలో పరీక్ష పెట్టి పోల్చండి. ఖర్చు లేని పని, అర్థమయ్యే రుజువు. బడిలోని సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే ఎస్‌ఏ మార్కులతో సహసంబంధం చూపేవాళ్లూ ఉన్నారు. చూపవచ్చు, కానీ బడికి ఒకరు చొప్పున దిద్దిన మార్కులను అన్నీ కలిపి ఒకే గుణకం కడితే బడుల మధ్య ఉదారతలో ఉన్న తేడా కూడా అందులో చేరుతుంది. ఏ బడికి ఆ బడిగా లెక్కించాలి, ఎస్‌ఏలో వ్యాసరూప ప్రశ్నలు కూడా ఉన్నాయన్న పరిమితినీ చెప్పాలి.

అధ్యాయంలో ఈ భాగం ఇంచుమించు ఇలా ఉండవచ్చు:

"పరిశోధకురాలు బలం, ఘర్షణ, ధ్వని పాఠాలపై 50 బహుళైచ్ఛిక ప్రశ్నలను పీరియడ్ల ఆధారంగా రూపొందించిన భారత్వ పట్టిక ప్రకారం తయారు చేసింది. ఎనిమిది మంది నిపుణులు, ప్రశ్నలకు ఉద్దేశించిన గడులు తెలియకుండా, ప్రతి ప్రశ్నకు పాఠాన్ని, విద్యా ప్రమాణాన్ని, ఆవశ్యకతను సూచించారు. విషయ సప్రమాణతా నిష్పత్తి 0.75 కంటే తక్కువ ఉన్న ప్రశ్నలు తొలగించగా మిగిలినవి 120 మంది విద్యార్థులకు పెట్టి ప్రశ్నాంశ విశ్లేషణ చేయడమైనది. తుది 30 ప్రశ్నలు పట్టికలోని వాటాలను అనుసరించి గడి వారీగా ఎంపికయ్యాయి. తుది రూపాన్ని, ప్రయోగంలో పాల్గొనని మరో 120 మంది విద్యార్థులకు పెట్టగా కూడర్-రిచర్డ్‌సన్ 20 విలువ 0.82, మాపన ప్రామాణిక దోషం 2.3 వచ్చాయి. ప్రయోగ నైపుణ్యాలు, చిత్రలేఖన నైపుణ్యాలు ఈ పరీక్ష పరిధిలో లేవు."

మీ అంకెలు వేసుకుని, తొలగించిన ప్రశ్నల సంఖ్యను ప్రతి దశలో చేర్చుకోండి. నిపుణులకు ఇచ్చిన పత్రం, 50 ప్రశ్నల సూచికల పట్టిక, ఎంపికకు ముందు, తర్వాత భారత్వ పట్టికలు రెండూ అనుబంధంలో పెట్టండి. మీరు ఇప్పటికే చేసిన 60 మంది పైలట్‌ను దాచవద్దు. దాన్ని ప్రశ్నల భాషనూ, సమయాన్నీ సరిచూసుకున్న ప్రాథమిక దశగా రాస్తే అది కూడా పనికొస్తుంది. కొత్తగా పిల్లలను చేర్చడానికి బడుల అనుమతి కావాలి కాబట్టి, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి దరఖాస్తు ఈ వారమే ఇవ్వడం మంచిది. ఎస్‌ఏ పరీక్షల హడావిడిలో పడితే ప్రధానోపాధ్యాయులు రెండు పీరియడ్లు ఇవ్వడం కష్టం.